పది కోట్ల వరుసలు, ఒక్క డిస్క్ రీడ్

ఒక ఆర్డర్ల టేబుల్‌లో పది కోట్ల వరుసలున్నాయి అనుకుందాం. దాని ఇండెక్స్‌ను బైనరీ సెర్చ్ ట్రీగా కడితే, ఒక్కో నోడ్‌లో ఒక ఆర్డర్ నంబరు, చిన్నవాటికి ఎడమ దారి, పెద్దవాటికి కుడి దారి ఉంటాయి. అడుగుకో సగం చొప్పున తగ్గించుకుంటూ వెళ్లినా, ఎంత సమంగా పేర్చినా 27 అంతస్తులు దిగాలి. మెమరీలో అది క్షణంలో అయిపోయే పని. నోడ్లు డిస్క్ మీద ఉన్నప్పుడే చిక్కు.

నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో హెడ్ సరైన ట్రాక్‌కు జరగడానికి ఎనిమిది మిల్లీసెకన్లు, కావలసిన చోటు దాని కిందికి రావడానికి మరో నాలుగు పడతాయి. అంత శ్రమపడి చేరాక 20 బైట్లు చదివినా, ఎనిమిది కిలోబైట్లు చదివినా సమయంలో తేడా దాదాపు ఉండదు. అందుకే డేటాబేస్‌లు పేజీల లెక్కన చదువుతాయి. పోస్ట్‌గ్రెస్‌లో పేజీ 8 కిలోబైట్లు. బైనరీ ట్రీ ఆ పేజీలో ఒక్క నంబరు చూసి, ఇంకెక్కడో ఉన్న మరో పేజీకి పొమ్మంటుంది.

సియాటిల్‌లోని బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970లో దీన్ని తిరగేశారు. పేజీనే నోడ్ చేశారు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక నంబరుకు, దాని వెంట ఉండే చిరునామాకు కలిపి 20 బైట్లు చాలు. కొంత ఖాళీ వదిలినా పేజీకి 300 పడతాయి. అంటే అడుగుకు రెండు కాదు, 300 దారులు. పది కోట్లకు నాలుగు అంతస్తులు సరిపోతాయి.

అసలు లాభం ఇంకా ఉంది. అట్టడుగున 3,33,334 పేజీలుంటే, వాటి పైన 1,112, ఆ పైన నాలుగు, శిఖరాన ఒకటి. పై మూడు అంతస్తులూ కలిపి తొమ్మిది మెగాబైట్లే కాబట్టి తరచూ వాడే ఇండెక్స్‌లో అవి మెమరీలోనే నిలిచిపోతాయి. ఇండెక్స్ కోసం డిస్క్‌కు వెళ్లేది ఒక్కసారే. బైనరీ ట్రీకీ అంతే మెమరీ ఇచ్చి చూద్దాం. నోడ్లు వచ్చిన వరుసలో చెల్లాచెదురుగా పడి ఉంటే, పై పది అంతస్తుల వెయ్యి నోడ్లకే వెయ్యి పేజీలు ఖర్చవుతాయి. మిగిలిన 17 అంతస్తులకు డిస్కే గతి: 12 మిల్లీసెకన్ల పని 200కు చేరుతుంది.

కొత్త ఆర్డర్లు పెరిగే క్రమంలోనే వస్తాయి. సమం చేసుకోని బైనరీ ట్రీ అప్పుడు ఒకే పక్కకు గొలుసులా సాగిపోతుంది. బీ-ట్రీలో నిండిన పేజీ రెండుగా చీలి, ఒక సరిహద్దు నంబరు పై పేజీకి వెళుతుంది. పైపేజీ కూడా నిండితే అదీ చీలుతుంది. చెట్టు శిఖరం దగ్గరే పెరుగుతుంది గనుక ఆకులన్నీ ఎప్పుడూ ఒకే లోతులో ఉంటాయి. క్రమం లేని కీలు, ముఖ్యంగా యాదృచ్ఛిక యూయూఐడీలు వాడితే మాత్రం చీలికలు చెట్టంతటా జరిగి, సగం ఖాళీ పేజీలు మిగులుతాయి. ఇండెక్స్ అనవసరంగా ఉబ్బుతుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, ఆలస్యం బాగా తగ్గింది. అయినా అదీ పేజీలుగానే చదువుతుంది కనుక లెక్క మారలేదు. మీ పోస్ట్‌గ్రెస్‌లో ఎన్ని అంతస్తులున్నాయో `pageinspect` పెట్టుకుని ఇలా అడగవచ్చు:

```sql
SELECT level FROM bt_metap('orders_pkey');
```

ఆకులను సున్నాగా లెక్కిస్తుంది కాబట్టి, 3 అని వస్తే నాలుగు అంతస్తులు.