ఆదివారం పదకొండున్నర

హాస్టల్ కుర్రాళ్లను కదిపితే అందరిదీ ఒకటే మాట: "రాత్రి ఎంతకీ నిద్ర పట్టదు సార్." రెండు వారాలు నిద్ర డైరీ రాయిస్తే, చాలామంది విషయంలో చిక్కు రాత్రిలో కాదు, పొద్దున ఉందని బయటపడుతుంది.

డైరీ అంటే పాత నోటుపుస్తకంలో రోజుకో వరస. లైటు ఎప్పుడు ఆర్పారు, ఎప్పుడు నిద్రపట్టింది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎప్పుడు లేచారు, నిన్న చివరి టీ ఎప్పుడు తాగారు, పగలు ఎంతసేపు కునుకు తీశారు, అంతే. లేచాక రాయాలి, ఉజ్జాయింపుగా రాయాలి. రాత్రిపూట టైము చూసి రాస్తే ఆ చూడటమే నిద్రను చెడగొడుతుంది.

ఇంజినీరింగ్ రెండో ఏడాది కుర్రాడి డైరీ ఒకటి ఊహించుకోండి. క్లాసులున్న రోజుల్లో రెండింటికి నిద్ర, ఏడున్నరకు మెలకువ. అంటే అయిదున్నర గంటలు. శనివారం రాత్రి మూడింటికి పడుకుని ఆదివారం పదకొండున్నరకు లేస్తాడు. నిద్రకు నడిమధ్య సమయం మామూలుగా 4.45, ఆదివారం 7.15. తేడా రెండున్నర గంటలు. మనకూ కువైట్‌కూ ఉన్న తేడా సరిగ్గా అంతే! వారం వారం కువైట్ వెళ్లొచ్చినట్టే, విమానం టికెట్టు ఖర్చు ఒక్కటే లేదు.

మెలకువగా ఉన్నకొద్దీ ఒంట్లో నిద్ర బరువు పేరుకుంటుంది. పదకొండున్నరకు లేచినవాడికి ఆదివారం రాత్రి పన్నెండింటికి పన్నెండున్నర గంటల బరువే ఉంటుంది. దొర్లడం, విసుగు, ఫోను, మళ్లీ రెండు. సోమవారం మొదటి క్లాసులో తూగు.

అందుకే ముందు లేచే వేళను బిగించాలి. ఏడున్నరంటే ఏడున్నరే, ఆదివారం మహా అయితే ఎనిమిదిన్నర. లేవగానే ఇరవై నిమిషాలు మేడమీద వెలుతురులో తిరగాలి. లోపలి గడియారాన్ని ముందుకు జరిపేది ఆ వెలుతురే. పడుకునే వేళను ఒక్కసారిగా పదకొండుకు లాగితే నిలవదు. మూడు రోజులకో పావుగంట చొప్పున జరిపితే రెండు నుంచి పన్నెండుకు రావడానికి 24 రోజులు పడుతుంది.

టీ నాలుగింటితో ఆపాలి. కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు అయిదు గంటలు కావాలి. పదింటి టీలో సగం మూడింటికీ ఒంట్లోనే ఉంటుంది. కునుకు మధ్యాహ్నం మూడులోపు, ఇరవై నిమిషాలు. ఫోను ఛార్జింగుకు గదిలో అవతలి మూల. పక్కమీద చాలాసేపు నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు మూతపడ్డాకే మళ్లీ పడుకోవాలి.

పరీక్షలప్పుడు నైట్‌అవుట్ ఎలాగూ తప్పదంటారు. తప్పకపోతే మర్నాడు సాయంత్రం దాకా పడుకోకుండా చిన్న కునుకుతో సరిపెట్టి, ఆ రాత్రి కాస్త ముందే పడుకుంటే లెక్క పెద్దగా చెదరదు. డైరీలో ఎనిమిది గంటల నిద్ర కనబడుతున్నా పగలు తూగు వస్తుంటే, లేదా గురక మధ్య ఊపిరి ఆగుతోందని రూమ్మేటు చెబితే, ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆయన అడిగే మొదటి ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.