కొండ మీది సరస్సు: కొత్త వలపుకు యీ జింగ్ చెప్పే తీర్పు

పరిచయమై మూడు వారాలే అయింది. అయినా ఆ మనిషి ఫోన్ మోగితే గుండె వేగంగా కొట్టుకుంటుంది, మోగకపోతే పొద్దు గడవదు. ఇలాంటి స్థితిలో చైనావాళ్ల ప్రాచీన గ్రంథం యీ జింగ్‌ను ప్రశ్న అడిగేవాళ్లు ఇవాళ ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లలో కొందరికి 31వ గుర్తు పడుతుంది. దాని పేరు షియెన్. ఒకరి మీద ఒకరికి కలిగే ఆకర్షణ, ఒకరు కదిలితే మరొకరు స్పందించడం దాని విషయం. పుస్తకం తెరిచి చూస్తే పెళ్లాడితే శుభమని రాసి ఉంటుంది. ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ శుభం దేనికి చెప్పారో, ఏ షరతు మీద చెప్పారో నెమ్మదిగా చదివేవాళ్లు మాత్రం తక్కువ.

యీ జింగ్‌కు జాతకంతో పనిలేదు, పుట్టిన నక్షత్రం అక్కర్లేదు. ఒక ప్రశ్న మనసులో పెట్టుకుని మూడు నాణేలను ఆరుసార్లు వేస్తారు. బొమ్మ పడితే 3, బొరుసు పడితే 2 చొప్పున కూడితే ప్రతిసారీ 6, 7, 8, 9లలో ఒక అంకె వస్తుంది. బేసి వస్తే నిండు గీత, అది యాంగ్. సరి వస్తే మధ్యలో విరిగిన గీత, అది యిన్. 7, 8 నిలకడగా ఉండే గీతలు. 6, 9 మాత్రం మారే గీతలు, అంటే యిన్ యాంగ్‌గానో, యాంగ్ యిన్‌గానో తిరగబోతున్నవి. గీతలను కింది నుంచి పైకి పేర్చుకుంటూ పోతే ఆరు గీతల గుర్తు తయారవుతుంది. దీన్నే హెక్సాగ్రామ్ అంటారు. ఇలాంటివి మొత్తం 64. ఒక్కోదానికి మొత్తంగా ఒక తీర్పు, ఆరు గీతలకు ఆరు వేరు వాక్యాలు ఉంటాయి.

షియెన్‌లో కింది మూడు గీతలు కొండ, పై మూడు గీతలు సరస్సు. యీ జింగ్ కుటుంబ లెక్కలో కొండ చిన్న కొడుకు, సరస్సు చిన్న కూతురు. అంటే ఇద్దరూ పడుచువాళ్లే. కొండ గుణం కదలకుండా నిలవడం, సరస్సు గుణం సంతోషం. బరువైన కొండ కింద ఉంది, తేలికైన నీరు పైన ఉంది. నీటి చెమ్మ కిందికి దిగుతుంది, కొండ దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఈ గుర్తు నుంచి పెద్దమనిషి నేర్చుకోవలసింది ఏమిటో కూడా గ్రంథం చెప్పింది: తనలో ఖాళీ ఉంచుకుని ఎదుటివాళ్లను స్వీకరించడం. కొత్తగా మనసు పడ్డవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టం. వాళ్ల తలలో ఎదుటి మనిషి బొమ్మ అప్పటికే పూర్తయిపోయి ఉంటుంది. అసలు మనిషి వచ్చి కూర్చోవడానికి అందులో చోటుండదు.

తీర్పులో మూడే మాటలున్నాయి. పని సాగుతుంది, సరైన దారిలో నిలకడగా ఉంటే మేలు, స్త్రీని భార్యగా తెచ్చుకోవడం శుభం. మొదటిదానికి కారణం గీతల అమరికలోనే ఉంది. హెక్సాగ్రామ్‌లో 1వ గీతకు 4వది, 2వదానికి 5వది, 3వదానికి 6వది జంట. జంటలో ఒకటి యిన్, మరొకటి యాంగ్ అయితే అవి ఒకదానికొకటి పలుకుతాయంటారు. షియెన్‌లో మూడు జంటలూ అలా పలుకుతాయి. మొత్తం 64లో ఇలాంటివి ఎనిమిదే. కాబట్టి ఆకర్షణ ఒకవైపు నుంచే కాదన్న అర్థం ఈ గుర్తులో నిజంగానే ఉంది.

రెండో మాటను చాలామంది దాటేస్తారు. నా దృష్టిలో బరువంతా అక్కడే ఉంది. ఆకర్షణ ఉన్నంతమాత్రాన శుభమని తీర్పు అనలేదు. నిలకడకూ, సరైన దారికీ ముడిపెట్టి అన్నది. 44వ గుర్తును పక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అక్కడా స్త్రీ పురుషుల కలయికే విషయం, అక్కడా లాగే బలం ఎక్కువే. కానీ అందులో ఐదు యాంగ్ గీతల కింద ఒకే ఒక యిన్ గీత ఉంటుంది. అది అనుకోకుండా ఎదురుపడి ఐదింటినీ కలుస్తుంది. అక్కడి తీర్పు ఆ స్త్రీని పెళ్లాడవద్దంటుంది. రెండు చోట్లా మోజు మోజే. ఒకచోట అది జంటగా కుదిరింది, ఇంకొకచోట కుదరలేదు. మనకు పుట్టిన తాపం ఎంత ఎక్కువైనా అది ఏ కోవకు చెందిందో ఆ తాపమే చెప్పలేదు.

మూడో మాట పెళ్లి. పాత చైనాలో పెళ్లంటే ఆరు అంచెల తంతు. సంబంధం అడగడంతో మొదలై, పేరు కనుక్కోవడం, శకునం చూడటం, కానుకలు పంపడం, ముహూర్తం కోరడం దాకా సాగి, చివరికి పెళ్లికొడుకే స్వయంగా వెళ్లి వధువును తోడ్కొని రావడంతో పూర్తవుతుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు తత్వవేత్త షున్‌జీ పేరున ఉన్న గ్రంథం షియెన్‌ను ఈ ఆచారంతోనే కలిపి వివరించింది. ఎక్కువవాడు తగ్గి రావడం, పురుషుడు స్త్రీకి కింద నిలవడం ఇందులో ఉన్నాయనీ, మొదలుకు ఇవ్వాల్సిన గౌరవం ఇదేననీ దాని భావం. కొండ సరస్సు కింద ఉండటానికి అర్థం ఇక్కడ తేలుతుంది. బలం ఉన్నవాళ్లు, చొరవ తీసుకునేవాళ్లు వంగాలి. మన కాలంలో ఆ చొరవ అమ్మాయిదీ కావచ్చు. అప్పుడు ఆ వంగడమూ ఆమెదే అవుతుందని నేను చదువుతాను. ఎవరు అడిగినా ఎదుటివాళ్లు కాదనడానికి చోటుంచి అడగడం ఈ తీర్పు కోరే మర్యాద.

ఇక్కడిదాకా అంతా శుభంగానే ఉంది. గీతల వాక్యాల్లోకి దిగగానే స్వరం మారుతుంది. ఈ గుర్తులో నాకు అన్నిటికన్నా లోతుగా అనిపించేది ఈ మార్పే. ఆరు గీతలూ ఆకర్షణ శరీరంలో పైకి పాకే దారి. మొదటిది కాలి బొటనవేలు. అక్కడ మంచీ లేదు, చెడూ లేదు, కోరిక కదిలిందంతే. రెండోది పిక్క. పిక్క కదిలితే నడక మొదలవుతుంది, అది కీడు, ఆగితే మేలు. మూడోది తొడ. పక్కది కదిలితే అదీ కదులుతుంది, అలా వెంటబడితే పరువు పోతుంది. ఐదోది వీపు మీది కండరం. అక్కడ పశ్చాత్తాపం లేదు, అంతకు మించి ఏమీ లేదు. ఆరోది దవడలు, బుగ్గలు, నాలుక. వ్యాఖ్యానం దీన్ని నోటిమాటల పొంగుగా తీసుకుంది. మొత్తం గుర్తు శుభమైనా విడిగా ఏ అవయవం తొందరపడినా పుస్తకం అడ్డు చెబుతోంది. తీర్పు చదివి పరుగెత్తేవాళ్లు చాలాసార్లు పిక్కతో పరుగెత్తుతారు, లేకపోతే నాలుకతో.

నాలుగో గీతకు అవయవం పేరు లేదు. తొడకూ వీపుకూ మధ్య స్థానం కాబట్టి వ్యాఖ్యాతలు దాన్ని హృదయమన్నారు. నిలకడగా ఉంటే శుభం, పశ్చాత్తాపం పోతుంది అని మొదలుపెట్టి వెంటనే ఒక హెచ్చరిక చేస్తుంది. మనసు కుదురు లేక అటూ ఇటూ తిరుగుతుంటే తలపోసిన కొద్దిమందే వెంట వస్తారని. గ్రంథానికి అనుబంధంగా ఉన్న మహావ్యాఖ్యలో కన్‌ఫ్యూషియస్ పేరున ఈ గీతకు పెద్ద వివరణ ఉంది. సూర్యుడు వెళ్తే చంద్రుడు వస్తాడు, చలి పోతే ఎండ వస్తుంది, ఇందులో ఎవరి ఆలోచనా ఆరాటమూ లేవు కదా అని దాని సారం. స్పందన దానంతటదే రావాలి, పన్నాగంతో తెప్పించినది స్పందన కాదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఆఫీసులో కొత్తగా చేరిన ఒకతని మీద మనసుపడ్డ అమ్మాయి ప్రశ్న అడిగిందనుకోండి. అతనికి నేనంటే ఇష్టమా అని అడిగితే లాభం లేదు. అతని మనసు చదవడం ఈ గ్రంథం పని కాదు, నాణేలకు ఆ మనసుతో సంబంధమూ లేదు. ఈ ఆకర్షణ విషయంలో నేనెలా నడుచుకోవాలి అని అడిగింది. కింది నుంచి పైకి 8, 8, 7, 9, 7, 8 వచ్చాయి. అంటే షియెన్, అందులో నాలుగో గీత మారుతోంది. 12వ శతాబ్దపు పండితుడు జు షీ పెట్టిన నియమం ప్రకారం ఒకే గీత మారితే జవాబు ఆ గీత వాక్యమే. ఏ గీతా మారకపోయి ఉంటే తీర్పే జవాబయ్యేది. కాబట్టి ఈమెకు పెళ్లి శుభమన్న మాట నేపథ్యం మాత్రమే, అసలు మాట హృదయం గీతది.

నాలుగో గీత యిన్‌గా మారితే పైన సరస్సు పోయి ప్రమాదానికి గుర్తైన నీరు వస్తుంది. కొండ మీద నీరు 39వ గుర్తు, అడ్డంకి. అక్కడి సలహా అడ్డంకి ఎదురైనప్పుడు తనవైపు తిరిగి తనను సరిచేసుకోమని. రెండూ కలిపి చదివితే ఈమెకు వచ్చిన జవాబు కాదనడం కాదు, సరేననడమూ కాదు. ఆకర్షణ నిజమే. అతను ఎప్పుడు ఆన్‌లైన్‌లోకి వచ్చాడు, ఎవరి ఫొటో లైక్ చేశాడు అని రోజుకు ఇరవైసార్లు తిరిగే మనసే అడ్డు. తన పని, తన స్నేహితులు, తన నిద్ర మునుపటిలా నడుస్తుంటే, అతనితో మామూలుగా మాట్లాడుతూ ఒకరోజు టీకి పిలవడంలో ఈ గీతకు అభ్యంతరం లేదు. నిలవడం, సంతోషం రెండూ ఉండాలన్నదే కొండ, సరస్సుల కలయిక. అతను రానంటే అది కూడా ఖాళీలోకి స్వీకరించవలసిన జవాబే.

ఈ జవాబు నచ్చక మళ్లీ నాణేలు వేయాలనిపిస్తుంది. మోజులో ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. దీనికి గ్రంథం 4వ గుర్తు తీర్పులోనే సమాధానం ఉంది. మొదటిసారి అడిగితే చెబుతాను, రెండోసారి మూడోసారి అడగడం గౌరవం తప్పడం, అప్పుడు చెప్పను అన్న ధోరణిలో సాగుతుంది అది. మళ్లీ వేయాలని చేయి లాగుతోందంటే, కావలసింది సలహా కాదు, మనం ముందే రాసుకున్న జవాబుకు ముద్ర అని గుర్తుపట్టవచ్చు.

షియెన్ తర్వాత వచ్చే 32వ గుర్తు పేరు హెంగ్, అంటే చిరకాలం నిలిచేది. 31ని తలకిందులు చేస్తే వచ్చేది అదే. అక్కడ చిన్న కొడుకూ చిన్న కూతురూ ఉండరు, పెద్ద కొడుకూ పెద్ద కూతురూ ఉంటారు. భార్యాభర్తల దారి ఎక్కువకాలం నిలవాలి కనుక దీన్ని తర్వాత పెట్టారని క్రమం చెప్పే వ్యాఖ్య అంటుంది. ఆ హెంగ్ మొదటి గీతలోనే ఒక హెచ్చరిక ఉంది. ఆరంభంలోనే లోతుగా తవ్వి శాశ్వతత్వం కోరితే, ఎంత పట్టుదలగా ఉన్నా కీడే, దేనికీ లాభం లేదని. నాలుగో వారంలో ఆ అమ్మాయి అతనితో టీ తాగడానికి కూర్చుంటే, జీవితాంతం తోడుంటావా అన్న ప్రశ్నను ఆ బల్ల మీదికి తేవద్దని ఈ గీత చెబుతోంది. ఆ రోజుకు అతని ఊరు, అతని ఇంటివాళ్లు, అతను దేనికి నవ్వుతాడో తెలిస్తే చాలు.