గాలి ఎంతసేపు నిలుస్తుంది?

‘పాత హార్మోనియం అమ్మకానికి ఉంది. మంచి కండిషన్. ధర మాట్లాడుకోవచ్చు.’ ఇలాంటి ప్రకటన చూసి ఫోన్ చేసేవాళ్లు మొదట ధర అడుగుతారు, తర్వాత ఏ కంపెనీదో అడుగుతారు. పెట్టె లోపల ఏముందో ఆ రెండు జవాబులూ చెప్పవు. పేరున్న తయారీ అయినా పదేళ్లు అటక మీద ఉంటే మూగబోవచ్చు. ఊరూ పేరూ తెలియని పెట్టె రోజూ భజనలో మోగుతూ నిక్షేపంగా ఉండవచ్చు. కొనేవాడు వరంగల్‌లో, అమ్మేవాడు తెనాలిలో ఉంటే ఇద్దరి మధ్య ఆధారం ఆ నాలుగు వాక్యాలే. కాబట్టి వాటిని పరీక్షించి రాయాలి.

ఒక భజన మండలి తన పాత పెట్టెను అమ్మదలచిందనుకుందాం. మూడున్నర స్థాయిలది, 42 మెట్లు. ఒక్కో మెట్టుకు రెండేసి రీడ్లు, అంటే మొత్తం 84. ఒక వరుస బేస్, రెండోది దానికి ఒక స్థాయి పైన పలికే మేల్. కప్లర్ ఉంది, స్కేల్ ఛేంజర్ లేదు. ఇంతవరకు రాయడానికి చూస్తే చాలు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

ముందు గాలి సంగతి. హార్మోనియంలో తిత్తులు రెండు. చేత్తో ఊదేది వెనక కనిపిస్తుంది. గాలిని నిల్వ ఉంచేది లోపల, స్ప్రింగుల ఒత్తిడిలో ఉంటుంది. స్టాపులన్నీ మూసి, ఏ మెట్టూ నొక్కకుండా తిత్తి ఊదితే కాసేపటికి చేతికి గట్టిగా ఎదురు తగలాలి. ఊదిన గాలి ఊదినట్టే జారిపోతుంటే తిత్తి మడతలు చిరిగాయనో, అతుకులు విడిపోయాయనో అర్థం. ఇప్పుడు స్టాపులు తెరిచి, మళ్లీ మెట్లు ముట్టకుండానే ఊదాలి. మొదటిసారి నిలిచిన గాలి ఈసారి కారిపోతే తప్పు తిత్తిది కాదు, మెట్లది. ప్రతి మెట్టు వెనక భాగం కిందనున్న రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. అక్కడి తోలు గానీ ఫెల్టు గానీ అరిగినా, చెద తిన్నా, దుమ్ము చేరినా ఆ మూత సరిగ్గా పడదు. కొన్నిసార్లు నొక్కకుండానే ఆ స్వరం సన్నగా మూలుగుతుంది. స్ప్రింగు సడలినా ఇదే లక్షణం.

ఈ రెండు పరీక్షలను వేరువేరుగా రాయడం వల్ల లాభముంది. తిత్తి మార్చడం పెద్ద పని, ఒక మెట్టు కింద తోలు మార్చడం చిన్న పని. ‘గాలి కొంచెం లీకవుతుంది’ అన్న మాట రెంటినీ కలిపేస్తుంది. లోపలి తిత్తి నిండా గాలి పట్టి, ఒకే స్టాపు తెరిచి, మధ్య స్థాయి ‘స’ నొక్కి, అది ఎన్ని సెకన్లు పలుకుతుందో గడియారం చూసి రాస్తే ఇంకా మంచిది. మన మండలి పెట్టెలో అది 16 సెకన్లు వచ్చిందనుకుందాం. ఆ అంకె చూసి కొనేవాడు తన దగ్గరున్న మరో పెట్టెతో పోల్చుకోగలడు.

శ్రుతి దగ్గరే ప్రకటనలు ఎక్కువగా తడబడతాయి. ‘ట్యూనింగ్ పర్ఫెక్ట్’ అంటారు గానీ దేనితో పోల్చి పర్ఫెక్టో చెప్పరు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని 100 సెంట్లుగా విభజించి, ప్రతి స్వరం ఎంత ఎక్కువో తక్కువో చూపిస్తుంది. ఈ కొలత తీసేటప్పుడు ఒక్క వరుసే తెరిచి, తిత్తిని నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో ఊదాలి. గట్టిగా ఊదితే రీడు శ్రుతి కాస్త దిగుతుంది.

అన్ని స్వరాలూ ఒకే తీరున 8 సెంట్లు ఎక్కువ చూపితే అది లోపం కాదు. ఆ పెట్టెను 440కి బదులు 442 ప్రమాణంతో శ్రుతి చేశారు. ఒంటరిగా వాయిస్తే చక్కగానే ఉంటుంది, కీబోర్డు పక్కన పెడితే మాత్రం పొసగదు. ‘గ’ ఒక్కటి 14 సెంట్లు, ‘ద’ 16 సెంట్లు తక్కువ చూపినా కంగారు పడనక్కర్లేదు. ఒక శ్రుతిని ‘స’గా పెట్టుకుని శుద్ధ స్వరాలకు కట్టించుకున్న పెట్టెల్లో అలాగే ఉంటుంది. అలాంటప్పుడు ఏ శ్రుతికి కట్టారో, ఒకటికా, ఒకటిన్నరకా, తప్పకుండా రాయాలి. ఆ శ్రుతిలో తీయగా మోగే పెట్టె మరో శ్రుతికి మారితే అపస్వరంగా వినిపిస్తుంది.

మండలి పెట్టెలో తేలింది వేరే. మేల్ వరుసలో మధ్య స్థాయి ‘ప’ ఒక్కటే 20 సెంట్లు దిగి ఉంది. బేస్ కూడా తెరిచి వాయిస్తే ఆ మెట్టు దగ్గర సెకనుకు నాలుగైదుసార్లు శబ్దం వణుకుతుంది. ట్యూనర్ లేనివాళ్లకు ఈ వణుకే గుర్తు. రీడు కొన మీద మురికి చేరితే బరువెక్కి శ్రుతి దిగుతుంది, శుభ్రం చేస్తే సర్దుకుంటుంది. కాని మొదలు దగ్గర సన్నని పగులు పడినా శ్రుతి దిగుతుంది. అప్పుడు గీకి సరిచేసినా కొన్నాళ్లకే మళ్లీ దిగి, చివరికి రీడు విరుగుతుంది. అందుకే ఒకే స్వరాన్ని పదేపదే శ్రుతి చేయించి ఉంటే ఆ మాట దాచకూడదు. కొనేవాడికి అది పగులు ఉందేమోనన్న హెచ్చరిక.

ఇక రిపేర్లు. చాలామంది వీటిని చెబితే ధర పడిపోతుందని భయపడతారు. తెలిసిన కొనుగోలుదారు మాత్రం చెప్పని రిపేరుకే ఎక్కువ భయపడతాడు. ఎలుకలు కొరికిన తిత్తి మూలకు అతుకు వేయించి ఉంటే ఏ మూల, దేనితో, ఎప్పుడు వేశారో ఒక వాక్యంలో వస్తుంది. ఆ మూల ఫొటో దగ్గరగా తీస్తే మరీ మంచిది. రీడు మార్చి ఉంటే ఏ స్వరానిదో చెప్పాలి. శ్రుతి కలిసినా కొత్త రీడు గొంతు పాతవాటి మధ్య కాస్త వేరుగా వినిపించవచ్చు. బయటి చెక్క మీద గీతలు, పాలిష్ పోవడం చూపులకే సంబంధించినవి. రీడ్లు బిగించిన పలకకు పగులుంటే సంగతి వేరు, అక్కడ గాలే పోతుంది. చెక్క పగిలిందని మాత్రమే రాస్తే చదివినవాడు రెండోదే ఊహించుకుంటాడు.

పెట్టె సంగతి ఒక్క ముక్కలో చెప్పవచ్చు: మడిచి సూట్‌కేసులా మోసేదా, మూత తీసి వాయించేదా, లేక బట్ట సంచేనా. మడిచే రకమైతే పైకి లేపినప్పుడు లాకులు రెండు వైపులా పడుతున్నాయో లేదో నొక్కి చూడాలి.

ఇవన్నీ కలిపితే మండలి ప్రకటన ఇలా తయారవుతుంది:

‘మూడున్నర స్థాయిల డబుల్ రీడ్ హార్మోనియం, బేస్–మేల్, కప్లర్ పనిచేస్తుంది. 440 ప్రమాణంలో ఉంది. మేల్ వరుసలో మధ్య ‘ప’ (ఒకటి శ్రుతికి) 20 సెంట్లు తక్కువ. రెండుసార్లు శ్రుతి చేయించినా మళ్లీ దిగింది, రీడు మార్చాల్సి రావచ్చు. స్టాపులు మూస్తే గాలి నిలుస్తుంది. తెరిస్తే కొద్దిగా పోతుంది, పై స్థాయిలో రెండు మెట్ల కింద తోలు అరిగింది. నిండు గాలికి ఒక స్వరం 16 సెకన్లు పలుకుతుంది. తిత్తి ఎడమ మూలకు నిరుడు తోలు అతుకు వేయించాం, ఫొటో ఉంది. మడిచే పెట్టె, కుడి లాకు వదులు. వచ్చి వాయించి చూసుకోవచ్చు. దూరమైతే ఒక్కో మెట్టు వరుసగా వాయించిన వీడియో పంపిస్తాం.’

ఈ ప్రకటన చదివాక ఫోన్ చేసేవాడు బాగుందా అని అడగడు. ‘ప’ రీడు మీరే మార్పించి ఇస్తారా, ఆ ఖర్చు ధరలో తగ్గిస్తారా అని బేరం మొదలుపెడతాడు.