గిన్నె అడుగు నల్లబడితే మంటను చూడండి

గిన్నె అడుగున మసి పడుతోందంటే తప్పు గిన్నెది కాదు, మంటది. నాబ్ తిప్పగానే జెట్‌లోంచి దూసుకొచ్చే గ్యాస్, బర్నర్ కింది గొట్టంలోకి గాలిని లాక్కుంటుంది. ఆ గాలి సరిపడా కలిస్తే గ్యాస్ పూర్తిగా కాలి, ప్రతి రంధ్రం మీదా మంట నీలంగా, మొనదేలి నిలుస్తుంది. గాలి చాలకపోతే సరిగ్గా కాలని కార్బన్ రేణువులు కాగి పసుపుపచ్చగా వెలుగుతాయి. గిన్నెకు అంటే మసి అవే. గ్యాస్ సగంలో కాలినట్టే కాబట్టి వేడి తగ్గుతుంది, తలుపులు మూసిన వంటింట్లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరే ప్రమాదమూ ఉంది.

పప్పు పొంగినప్పుడు మంటలో మెరిసే నారింజ రంగు వేరు. అది ఉప్పులోని సోడియం రంగు, కాసేపటికి పోతుంది. పచ్చదనం అలాగే ఉంటే బర్నర్ చల్లారాక మూత తీసి కడిగి, రంధ్రాలను పిన్నుతో గుచ్చి, తడి పూర్తిగా ఆరాకే పెట్టాలి. అయినా తగ్గకపోతే గొట్టంలో దుమ్మో సాలెగూడో ఉండొచ్చు. అది మెకానిక్ పని.

మన దేశంలో ఎల్పీజీ స్టవ్‌లకు భారతీయ ప్రమాణం అడిగేది కనీసం 68 శాతం సామర్థ్యం. మంట ఎంత నీలంగా ఉన్నా గిన్నె అంచులు దాటి పైకి పాకిందంటే ఆ సామర్థ్యం మన చేతిలోంచి జారిపోతుంది. అంచు దాటిన వేడి వంటకు అందదు, పిడిని మాత్రం కాలుస్తుంది. అందుకే చిన్న గిన్నెకు చిన్న బర్నరే సరైనది.

కుక్కర్‌లో కందిపప్పు పెట్టారనుకోండి. ఆవిరి పట్టేదాకా పెద్ద మంట అవసరమే. విజిల్ వచ్చాక లోపలి ఒత్తిడిని వెయిటే అదుపు చేస్తుంది. ఇంకా పెద్ద మంట పెడితే ఆవిరే ఎక్కువ పోతుంది తప్ప పప్పు త్వరగా ఉడకదు. అప్పుడు సిమ్‌లో పెట్టాలి. పులుసూ అంతే. మరిగే పులుసు ఎంత మంట పెట్టినా దాదాపు 100 డిగ్రీలు దాటదు. తెర్లగానే మంట తగ్గించి మూత పెడితే చాలు.

పూరీకి మాత్రం సిమ్ పనికిరాదు. పచ్చి పూరీ వేయగానే నూనె చల్లబడుతుంది, అది పూరీలోకి పీల్చుకుంటుంది. దోసెకు మీడియం మంటే మేలు, పెద్ద మంటకు పెనం నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. పోపులో ఆవాలు చిటపటలాడగానే మంట తగ్గించాలి, లేదంటే మిరపకాయలూ వెల్లుల్లీ క్షణంలో నల్లబడతాయి.

సిమ్‌కు ఒక చిక్కుంది. సన్నటి మంటను ఫ్యాన్ గాలి గానీ పొంగిన పాలు గానీ ఇట్టే ఆర్పేస్తాయి, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. చాలా స్టవ్‌లకు దాన్ని ఆపే ఏర్పాటు లేదు. వాసన వస్తే నాబ్, రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరవండి. లైటు స్విచ్ గానీ ఫ్యాన్ స్విచ్ గానీ ముట్టుకోకండి.