ఓవెన్ కోపం ఎవరి మీద?

మొదటి ప్రపంచ యుద్ధం తొలి ఏడాదిన్నర కాలం బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ లేదు. ఆ చట్టం 1916 జనవరిలో వచ్చింది. అంతవరకూ కుర్రాళ్లను సైన్యంలోకి రప్పించడానికి పోస్టర్లు, సభలతో పాటు పత్రికల్లో వచ్చే పద్యాలూ పనిచేశాయి. డైలీ మెయిల్ వంటి పత్రికలకు అలాంటి పద్యాలు రాసినవారిలో జెస్సీ పోప్ పేరు ముందుంటుంది. ఆమె రాసిన ‘హూజ్ ఫర్ ది గేమ్?’ పక్కన విల్‌ఫ్రెడ్ ఓవెన్ ‘డుల్కే ఎట్ డెకోరమ్ ఎస్ట్’ పెట్టి పోల్చమని ఇంగ్లిష్ సాహిత్య విద్యార్థులకు తరచూ పని అప్పగిస్తుంటారు. చాలామంది రాసేది ఒకటే: పోప్ యుద్ధాన్ని పొగిడింది, ఓవెన్ తిట్టాడు. ఈ మాట తప్పు కాదు గానీ, దానితో కవిత లోపలికి వెళ్లలేం.

ఈ జంటకు గట్టి ఆధారం ఓవెన్ చేతిరాతలోనే ఉంది. తొలి ప్రతుల్లో ఒకదాని మీద కవితను జెస్సీ పోప్‌కు అంకితమిచ్చాడు. మరో ప్రతిలో ఆమె పేరు తీసేసి ‘ఒకానొక కవయిత్రికి’ అన్నాడు. చివరికి అదీ కొట్టేశాడు. కోపం ఒక మనిషి మీద మొదలై, అలా రాసేవాళ్లందరి మీదికీ మళ్లిందని ఈ దిద్దుబాట్లు చెబుతాయి. పత్రం రాసేవాళ్లకు ఇంతకన్నా మంచి ఆరంభం దొరకదు.

అయితే పోప్‌ను తేలిగ్గా తీసేయకూడదు. ఆమె పద్యం పదహారు పాదాలు. ఎవరు వస్తారు, ఎవరు వెనక్కి తగ్గుతారు అని వరస ప్రశ్నలు వేస్తుంది. చదివే కుర్రాడు జవాబు చెప్పక తప్పదు. చెప్పకపోతే పిరికివాడి లెక్క. యుద్ధం అక్కడ ఒక ఆట, లయ కూడా ఆటపాటలా గంతులేస్తుంది. గాయం మాట వస్తుంది గానీ చేతికర్ర దగ్గరే ఆగిపోతుంది. ఆ కుర్రాడు కుంటుతూనైనా ఇంటికొస్తాడు. చావు మాటే లేదు.

ఇప్పుడు ఓవెన్ తొలి పాదాలు చూడాలి. పోప్ ఆటగాళ్లుగా పిలిచిన వయసువాళ్లే ఇక్కడ ముసలి బిచ్చగాళ్లలా వంగిపోయి బురదలో నడుస్తున్నారు. చాలామందికి బూట్లు లేవు, కాళ్లు నెత్తురోడుతున్నాయి, అందరూ కుంటుతున్నారు. పోప్ దాదాపు పతకంలా చూపించిన కుంటితనం ఇక్కడ పతకం కాదు. ఇలా ఒక వివరం ఎదుట మరో వివరాన్ని నిలబెడితేనే తులన అవుతుంది. సగం పత్రం ఒకరికీ సగం ఇంకొకరికీ పంచితే రెండు విడి వ్యాసాలే మిగులుతాయి.

ఆ తర్వాత విషవాయువు దాడి. ఒకడు ముసుగు తగిలించుకోలేకపోతాడు. కథకుడు తన ముసుగు అద్దంలోంచి, పచ్చటి సముద్రంలో మునుగుతున్నవాడిలా వాణ్ని చూస్తాడు. ఇక్కడ వ్యంగ్యమేమీ లేదు, భయం మాత్రమే ఉంది. ఆ తేడా గుర్తించాలి.

వ్యంగ్యం కవిత నిర్మాణంలో ఉంది. శీర్షిక రోమన్ కవి హొరేస్ సూక్తిలో మొదటి సగం. దేశం కోసం చావడాన్ని కీర్తించే ఆ మాట 1913లో శాండ్‌హర్‌స్ట్ సైనిక కళాశాల ప్రార్థనామందిరం గోడకెక్కింది. శీర్షిక చూసి దేశభక్తి గీతమనుకునే పాఠకుణ్ని ఓవెన్ ఇరవై ఎనిమిది పాదాలు నడిపిస్తాడు. చివర్లో ఆ సూక్తిని అబద్ధమని పేరుపెట్టి పిలిచాకే మిగతా సగం పూర్తిచేస్తాడు. ఆ ఆఖరి పాదం మిగతావాటికన్నా పొట్టిది. నడక ఠక్కున ఆగుతుంది.

చేదు ఉన్నది వేరే చోట. చివరి పన్నెండు పాదాలూ ఒకే వాక్యం. ‘నువ్వు కూడా ఆ బండి వెనక నడిచి చూసి ఉంటే, ఆ గొంతులో నెత్తురు శబ్దం విని ఉంటే’ అనే ధోరణిలో షరతులు పేరుకుంటాయి. ఇంట్లో కూర్చుని రాసేవాళ్లకు ఆ షరతులు ఎన్నటికీ తీరవు. అంత వర్ణించాక ఆ మనిషిని స్నేహితుడా అని పిలుస్తాడు. తిట్టు కన్నా ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంటుంది. వ్యంగ్యం, చేదు రెండూ ఒకటేనన్నట్టు రాసిన పత్రంలో ఈ పిలుపు గురించి సాధారణంగా ఒక్క వాక్యమైనా ఉండదు.

ఇంకో పొరపాటు, ఓవెన్‌ను దేశద్రోహిగానో పిరికివాడిగానో లెక్కేయడం. మానసికంగా దెబ్బతిని 1917లో ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈ కవిత మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది మళ్లీ యుద్ధరంగానికి వెళ్లాడు. 1918 అక్టోబరులో చూపిన తెగువకు మిలిటరీ క్రాస్ వచ్చింది. యుద్ధం ముగియడానికి వారం ముందు, నవంబరు 4న చనిపోయాడు. అతను తప్పుపట్టింది సైనికుణ్ని కాదు, సైనికుడి చావును తీపి చేసి పిల్లలకు చెప్పేవాళ్లను.

కాబట్టి పత్రం రాయబోయే విద్యార్థులు రెండు కవితలనూ ముందు పైకి చదవండి. పోప్ లయ నోటికి ఎంత సులువుగా పట్టుబడుతుందో గమనించండి. ఓవెన్ దేనితో తలపడ్డాడో అప్పుడు తెలుస్తుంది.