ఇంటర్వ్యూ అయ్యాక ఐదు వాక్యాలు

ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాక కొందరు ధన్యవాదాలు చెబుతూ మెయిల్ పంపుతారు. కానీ 'అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, మీ కబురు కోసం ఎదురుచూస్తుంటాను' అని రెండు ముక్కలతో సరిపెడతారు. ఆ మాటలు ఏ కంపెనీకైనా అతుకుతాయి కాబట్టి చదివినవారికి ఏమీ గుర్తుండదు. ఆ రోజు మాటల్లో వచ్చిన ఒక్క సంగతి అందులో చేరితే చాలు, ఆ మెయిల్ ఎవరిదో వెంటనే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో మందులు పంపిణీ చేసే ఓ సంస్థకు అకౌంటెంట్ ఉద్యోగం కోసం ఒకమ్మాయి వెళ్లిందనుకుందాం. 'కొందరు సప్లయర్లు రిటర్నులు ఆలస్యంగా వేస్తున్నారమ్మా. వాళ్ల బిల్లులు మా జీఎస్టీఆర్-2బిలో కనపడక ఇన్‌పుట్ క్రెడిట్ ఆగిపోతోంది' అని మేనేజర్ మాటల మధ్యలో అన్నారు. ఆ సాయంత్రం ఆమె రాయాల్సింది ఇంతే. ఇంగ్లీషులో రాసినా సారం ఇదే:

'నమస్తే సర్. ఈరోజు నాతో ఓపిగ్గా మాట్లాడినందుకు ధన్యవాదాలు. బిల్లులు 2బిలో రాక క్రెడిట్ ఆగిపోతోందని మీరు చెప్పింది ఇంటికొచ్చాక కూడా ఆలోచించాను. ప్రస్తుతం మా ఆఫీసులో ప్రతి నెలా 14న 2బి రాగానే కొనుగోలు రిజిస్టర్‌తో సరిచూసి, లేని బిల్లుల జాబితాను ఆ వారంలోనే సప్లయర్లకు పంపుతున్నాను. మీ దగ్గర కూడా ఈ పని చూసుకోగలను.'

ఇందులో సలహాలు లేవు, పొగడ్తలు లేవు. ఆయన్ను ఇబ్బంది పెడుతున్న పని తనకు చేతనవునని ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ పని నిజంగా చేసి ఉండకపోతే మాత్రం అలా రాయకూడదు. రెండో రౌండులో దాని మీదే ప్రశ్న వస్తుంది. 'ఈ సమస్య గురించి మీ ద్వారా తెలుసుకున్నాను, నేర్చుకోవాలని ఉంది' అన్నా సరిపోతుంది.

ఒక్క రోజు గడువు ఎందుకంటే, ఇంటర్వ్యూ చేసినవారు తమ అభిప్రాయాన్ని చాలాచోట్ల అదే రోజో మర్నాడో హెచ్‌ఆర్‌కు రాసిచ్చేస్తారు. ఆ తర్వాత వచ్చిన మెయిల్‌కు పెద్దగా పని ఉండదు. గుర్తుపెట్టుకోవాల్సిన సంగతిని బయటికి రాగానే ఫోన్‌లో రాసుకోండి. ముగ్గురు ఇంటర్వ్యూ చేస్తే ముగ్గురికీ వేర్వేరు సంగతులు రాయాలి, ఎందుకంటే వాళ్లు ఆ మెయిళ్లను ఒకరికొకరు చూపించుకోవచ్చు. వాళ్ల మెయిల్ అడ్రస్ తెలియకపోతే, ఇంటర్వ్యూకు పిలిచిన హెచ్‌ఆర్ మెయిల్‌కే జవాబిచ్చి, వారికి అందజేయమని కోరండి. ఎక్కడో నంబరు సంపాదించి రాత్రిపూట వాట్సాప్ చేస్తే చిరాకే మిగులుతుంది. జీతం, ఫలితం గురించిన ప్రశ్నలు ఇందులో వద్దు.

చెడిపోయిన ఇంటర్వ్యూను ఈ మెయిల్ బాగుచేయలేదు. ఇద్దరు అభ్యర్థులు సమానంగా తూగినప్పుడు మాత్రం పనికొస్తుంది.

ప్రభుత్వోద్యోగాల సంగతి వేరు. సభ్యులను ఏ రూపంలో ప్రభావితం చేయబోయినా అనర్హత తప్పదని ఆ నోటిఫికేషన్లు హెచ్చరిస్తుంటాయి. యూపీఎస్సీ, పబ్లిక్ సర్వీస్ కమిషన్ల బోర్డు సభ్యులకు దయచేసి ఏ సందేశమూ పంపకండి.