ఆ ఇరవై రోజుల లెక్క

జులై 2న పొద్దున్నే రాజమండ్రి నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. "ఒరేయ్, నెట్ ప్లాన్ తగ్గించుకుంటే బిల్లు పెరగడమేంట్రా?" అంది. పిల్లలు ఊళ్లో లేరు, ఇంట్లో ఆమె, మామయ్య ఇద్దరే. సీరియళ్లకీ వీడియో కాల్‌కీ 999 రూపాయల ప్లాన్ ఎందుకని జూన్ 11న కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి 599 ప్లాన్‌కి మారింది. 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకి 707 రూపాయలని కాగితం మీద వేసుకుని కూర్చుంది. వచ్చిన బిల్లు 2,554 రూపాయల 70 పైసలు.

బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపమన్నాను. పేజీలన్నీ పంపమని గట్టిగా చెప్పాను, ఎందుకంటే మొదటి పేజీలో ఉండేది మొత్తం మాత్రమే. కట్టాల్సింది ఎందుకో చెప్పే వరసలు లోపలి పేజీల్లో ఉంటాయి. అక్కడ ఐదు వరసలు కనిపించాయి: జూన్ 11 నుంచి 30 వరకు కొత్త ప్లాన్ అద్దె 399.33, జులై నెల అద్దె 599, ఇన్‌స్టలేషన్ 1,000, జూన్‌లో 20 రోజులకి రౌటర్ అద్దె 66.67, జులైకి రౌటర్ అద్దె 100. అన్నీ కలిపి 2,165. దానిమీద జీఎస్టీ 389.70.

ఇందులో కొన్ని న్యాయమైనవే, కొన్ని కావు. అయితే అన్నిటికంటే పెద్ద తప్పు ఈ ఐదు వరసల్లో ఏ ఒక్కదానిలోనూ లేదు. ఉండాల్సిన ఆరో వరస లేకపోవడమే ఆ తప్పు.

పోస్ట్‌పెయిడ్ బ్రాడ్‌బ్యాండ్‌లో చాలా కంపెనీలు నెల అద్దెని ముందుగానే తీసుకుంటాయి. కరెంటు బిల్లులాగా వాడిన తర్వాత వేసేది కాదు. జూన్ 1న వచ్చిన బిల్లు జూన్ నెలది. అత్త 999 ప్లాన్‌కి పన్నుతో సహా 1,178.82 అప్పుడే కట్టేసింది. అంటే జూన్ 30 వరకు పాత ప్లాన్‌కి డబ్బు వాళ్ల దగ్గర ఉంది. 11న ప్లాన్ మారగానే రెండు పనులు జరగాలి. కొత్త ప్లాన్‌కి మిగిలిన 20 రోజుల అద్దె వేయాలి. పాత ప్లాన్‌కి అవే 20 రోజుల అద్దె వెనక్కి ఇవ్వాలి. మొదటిది వేశారు: 599ని 30తో భాగించి 20తో గుణిస్తే సరిగ్గా 399.33. రెండోది మరిచారు: 999ని అలాగే లెక్కేస్తే 666 రూపాయలు. ఆ 666 ముందు మైనస్ గుర్తుతో బిల్లులో ఒక వరస ఉండాలి. లేదు. జూన్ 11 నుంచి 30 వరకు ఒకే ఇంటికి, ఒకే తీగ మీద, అత్త రెండు ప్లాన్లకి డబ్బు కట్టినట్టయింది.

ప్లాన్ మార్చిన నెల బిల్లు చేతికొస్తే నేను మొదట వెతికేది ఆ మైనస్ గుర్తునే. రోజుల లెక్కన కొత్త ప్లాన్ అద్దె వేసినప్పుడు, పక్కనే పాత ప్లాన్‌కి అవే తేదీలతో వెనక్కిచ్చిన వరస కనిపించాలి. తేదీలు ఒక రోజు తేడాగా ఉన్నా పట్టుకోవాలి: పాతది 10తో ముగిసి, కొత్తది 11తో మొదలవ్వాలి. ఇక ప్లాన్ ఆ రోజు నుంచే కాక వచ్చే బిల్లు తేదీ నుంచి అమల్లోకి వచ్చేలా పెట్టించుకుంటే ఈ లెక్కలేవీ ఉండవు. అడిగితే కొన్ని కంపెనీలు అలా చేస్తాయి. పది పదిహేను రోజులు ఆగగలిగితే అదే నయం.

ఆ 666 ఎక్కడ పడుతుందన్నదీ ముఖ్యమే. పన్ను లెక్కకి ముందు తీసేస్తే, దాని మీద కట్టిన 18 శాతం కూడా వెనక్కి వస్తుంది, అంటే మొత్తం 785.88. పన్నంతా కలిపాక చివర్లో 'సర్దుబాటు' అని 666 తీసేస్తే 119.88 మనం పోగొట్టుకున్నట్టే. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. వేసిన జీఎస్టీ మొత్తం దేనిమీద 18 శాతమో ఒకసారి గుణించి చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత ఇన్‌స్టలేషన్ 1,000. "ఎవరైనా వచ్చారా అత్తా? తీగ గానీ పెట్టె గానీ మార్చారా?" అని అడిగాను. "ఎవరూ రాలేదురా, ఫోన్‌లోనే అయిపోయింది" అంది. ఈ వరస ఎందుకొస్తుందో తెలిస్తే వాదించడం తేలిక. ఒక కారణం కనెక్షన్ తీసుకున్నప్పుడే మొదలవుతుంది. ఇన్‌స్టలేషన్ ఉచితం అన్నప్పుడు, ఇన్ని నెలలు ఫలానా ప్లాన్‌లో ఉంటేనే అన్న షరతు చాలాసార్లు వెనకాల ఉంటుంది. గడువు లోపల ప్లాన్ తగ్గించుకుంటే మాఫీ చేసింది మళ్లీ వేస్తారు. ఆ షరతు దరఖాస్తు ఫారంలో ఉంటే వాళ్ల మాటే చెల్లుతుంది. రెండో కారణం వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోది. ప్లాన్ మార్పుని మార్పుగా కాక కొత్త కనెక్షన్ ఆర్డరుగా ఎక్కిస్తే, కొత్త కనెక్షన్‌కి ఉండే ఖర్చులన్నీ వాటంతటవే వచ్చి పడతాయి. అత్తది కనెక్షన్ తీసుకుని రెండేళ్లు దాటింది. ఫారం వెతికి చూస్తే ఆరు నెలల షరతే ఉంది, అదెప్పుడో తీరిపోయింది. పైగా ఇన్‌స్టలేషన్ వరస పక్కన తేదీ జూన్ 11. ఆ రోజు ఎవరూ గుమ్మం తొక్కలేదు. ఇది రెండో కోవకి చెందింది.

రౌటర్ అద్దె దగ్గర మాత్రం అత్తకి నేను నచ్చని మాట చెప్పాల్సి వచ్చింది. "రెండేళ్లుగా అదే పెట్టె, ఒక్క రూపాయి అడగలేదు, ఇప్పుడు అద్దేంటి?" అంది. నిజమే. కానీ 999 ప్లాన్‌లో పెట్టె అద్దె ప్లాన్‌లోనే కలిసి ఉంది. 599 ప్లాన్ వివరాల్లో నెలకి 100 విడిగా రాసి ఉంది, ప్లాన్ మారినప్పుడు వచ్చిన ఎస్సెమ్మెస్‌లోనూ ఉంది. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి ఆ మాట నోటితో చెప్పలేదు. చెప్పాల్సింది. అయినా రాతలో ఉన్నదాన్ని తప్పుడు బిల్లు అనలేం.

మరి సొంత రౌటర్ కొనుక్కుంటే? చాలామంది అడిగేది ఇదే. ఫైబర్ కనెక్షన్‌లో గోడ దగ్గరికి వచ్చిన సన్నటి తీగ ముందు ఓఎన్‌టీ అనే పెట్టెలోకి వెళ్తుంది. వెలుగు రూపంలో వచ్చే సిగ్నల్‌ని మామూలు నెట్ సిగ్నల్‌గా మార్చేది అదే. దాని సీరియల్ నంబరు కంపెనీ పరికరంలో నమోదై ఉంటేనే పనిచేస్తుంది. బజార్లో కొన్న వైఫై రౌటర్ దాని తర్వాత తగిలించుకోవచ్చు గానీ, దాని స్థానంలో పెట్టడం సాధారణంగా కుదరదు. రెండు పెట్టెలు వేరువేరుగా ఉన్న ఇంట్లో వైఫై పెట్టె తిరిగిచ్చేసి అద్దె తప్పించుకోవచ్చు. అత్త ఇంట్లో రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. కాబట్టి 100 కట్టాల్సిందే. ఇలాంటి పెట్టె ఎప్పుడు తిరిగిచ్చినా సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోవాలి. లేకపోతే అందలేదంటూ దాని ఖరీదు చివరి బిల్లులో పడే అవకాశం ఉంది.

ఇప్పుడు సరైన బిల్లు ఎంతో తేలింది. 399.33, 599, 66.67, 100 కలిపితే 1,165. అందులోంచి పాత ప్లాన్ 666 తీస్తే 499. జీఎస్టీ 89.82. మొత్తం 588.82. వచ్చింది 2,554.70. తేడా 1,965.88, అందులో 1,180 ఇన్‌స్టలేషన్‌ది, 785.88 ఆ ఇరవై రోజులది.

ముందుగా చేసింది ఆటోపే ఆపడం. యూపీఐలో నెలనెలా కోతకి అనుమతిచ్చి ఉంటే, డబ్బు తీసే ముందు 24 గంటల మునుపే సందేశం రావాలి. కానీ ఆ సందేశం పెళ్లి ఫొటోల మధ్య కనపడకుండా పోతుంది. యూపీఐ యాప్‌లో ఆ అనుమతిని తాత్కాలికంగా నిలిపేశాం. తర్వాత కస్టమర్ కేర్. మొదటిసారి "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది సర్" అన్నారు. 'బిల్లు ఎక్కువొచ్చింది' అంటే వచ్చే జవాబు అదే. రెండోసారి వరసల పేర్లతో చెప్పాం: జూన్ 11 నుంచి 30 వరకు పాత ప్లాన్ అద్దె వెనక్కి రాలేదు, జూన్ 11 తేదీతో పడ్డ ఇన్‌స్టలేషన్‌కి ఎవరూ రాలేదు. ఫిర్యాదుకి డాకెట్ నంబరు ఇవ్వమన్నాం. అది ఇవ్వడం వాళ్ల బాధ్యత. ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనలు ఆ నంబరు చుట్టూనే నడుస్తాయి. అవే విషయాలు మెయిల్‌లోనూ రాసి, మాకు అభ్యంతరం లేని 588.82 గడువులోపే కట్టేసి, ఆ సంగతి కూడా అందులో చెప్పాం. మొత్తమూ ఆపేస్తే ఆలస్య రుసుముకీ, లైను కట్ చేయడానికీ వాళ్లకి సాకు దొరుకుతుంది.

వాళ్లు ఒప్పుకోకపోతే అక్కడితో ఆగక్కర్లేదు. ప్రతి కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఒకటి ఉంటుంది. డాకెట్ నంబరుతో 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి బిల్లు గొడవలు తీర్చదు, అక్కడికి రాస్తే ఆ ఉత్తరాన్ని కంపెనీకే పంపుతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లవచ్చు. టెలికాం గొడవలు అక్కడ నడవవని కొన్నేళ్లపాటు కంపెనీలు వాదించాయి గానీ, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నడుస్తాయని తేల్చి చెప్పింది. ఐదు లక్షల లోపు వ్యవహారానికి కమిషన్‌లో ఫీజు లేదు.

మాకు అంత దూరం వెళ్లే అవసరం రాలేదు. తొమ్మిదో రోజు 1,965.88 తీసేసినట్టు మెయిల్ వచ్చింది. అత్త సంతోషపడి "అయితే ఇక నుంచి నెలకి 589 అన్నమాట" అంది. కాదని చెప్పాను. ఆ నెల బిల్లు పాత ప్లాన్ డబ్బు వెనక్కి రావడం వల్ల తగ్గింది. నిజమైన నెల ఖర్చు 599, రౌటర్ 100, పన్ను 125.82, మొత్తం 824.82. అత్త మొదట వేసుకున్న 707 ఎప్పటికీ రాదు. పాత ప్లాన్ మీద మిగిలేది నెలకి 472 కాదు, 354.

ఆగస్టు 1న బిల్లు వచ్చింది. అత్త ఈసారి ముందే లోపలి పేజీ తీసింది. పాత బాకీ సున్నా, కొత్త బిల్లు 824.82. ఆ అంకె ఆమె పాల లెక్కలు రాసుకునే క్యాలెండర్ మీద, ఆగస్టు 1 గడిలో, జులైలోనే రాసి ఉంది.